గుంత కొట్టిన దెబ్బకు బీమా వస్తుందా?

వాన వెలిసి అరగంటైంది. రోడ్డు మీద నీళ్లు నిలిచిన చోట్లన్నీ ఒకేలా మెరుస్తున్నాయి. ఏది లోతో, ఏది పైపై తడో పోల్చుకోలేం. ఎదురుగా వస్తున్న లారీ లైట్లు కళ్లలో పడ్డ ఆ రెండు సెకన్లలో కారు ఎడమ ముందు చక్రం ఒక మడుగులోకి దిగింది. ‘ధడ్’మని ఇనుము ఇనుముకు తగిలిన చప్పుడు. తర్వాత స్టీరింగ్ దానంతట అదే ఎడమకు లాగడం మొదలుపెట్టింది. పక్కన పెట్టి దిగి చూస్తే టైరు చప్పబడి ఉంది, అలాయ్ వీల్ అంచు చిట్లి అరచేయంత మేర లోపలికి నొక్కుకుపోయి ఉంది.

మా బావమరిది ఫోన్ టార్చి వేసి చూసి, “ఎవరూ గుద్దలేదు కదా బావా, ఇన్సూరెన్స్ వాళ్లేమిస్తారు? మన ఖర్చే” అన్నాడు.

వాడొక్కడే కాదు, చాలామంది అనుకునేది ఇదే. బీమా అంటే రెండు బళ్లు గుద్దుకోవాలి, ఎవరిదో ఒకరిది తప్పు కావాలి, పోలీసు కాగితం ఉండాలి అని మనసులో పడిపోయింది. థర్డ్ పార్టీ బీమాకైతే ఆ లెక్కే. మన బండి వల్ల అవతలివాళ్లకు జరిగిన నష్టం కోసం చట్టం తప్పనిసరి చేసిన బీమా అది. మన బండికి పైసా ఇవ్వదు. ఓన్ డ్యామేజ్ సంగతి వేరు. మన దేశంలో ప్రైవేటు కార్ల ప్యాకేజీ పాలసీలో మొదటి సెక్షన్ ఏయే కారణాల వల్ల బండికి నష్టం జరిగితే చెల్లిస్తారో వరసగా చెబుతుంది: అగ్ని, దొంగతనం, అల్లర్లు, భూకంపం, వరద, కొండచరియలు, ఇలా. వాటి మధ్య ఒక చిన్న మాట ఉంటుంది, బయటి కారణం వల్ల ప్రమాదవశాత్తు జరిగిన నష్టం అని. గుంత దెబ్బ చేరేది ఈ మాట కిందే. గుంత బండికి బయట ఉంది, మనం కావాలని అందులో పడలేదు, దెబ్బ ఒక్కసారిగా తగిలింది. ఇంకో బండి ఉండాలని ఆ సెక్షన్‌లో ఎక్కడా లేదు. ఎవరికీ గాయం కాలేదు, ఎవరి ఆస్తీ పాడవలేదు అంటే సాధారణంగా ఎఫ్‌ఐఆర్ కూడా అడగరు.

కాబట్టి వస్తుందా రాదా అన్న ప్రశ్నకు జవాబు తేలికే, వస్తుంది. ఎంత వస్తుంది, దేనికి రాదు, ఎప్పుడు అడక్కపోవడమే మేలు అన్న దగ్గరే కథంతా ఉంది.

దానికి ముందు ఒక చిక్కు. మీ దగ్గర ఉన్నది నిజంగా ఓన్ డ్యామేజేనా? 2018 సెప్టెంబరు నుంచి కొత్త కారు కొంటే థర్డ్ పార్టీ బీమా ఒకేసారి మూడేళ్లకు తీసుకోవాల్సిందే. ఓన్ డ్యామేజ్ మాత్రం ఏడాదికే తీసుకోవచ్చు. షోరూమ్ వాళ్లు రెండూ కలిపి ఒకే కాగితం మీద ఇస్తారు. అందులో ‘మూడేళ్లు’ అన్న అంకె ఓనరు మనసులో నిలిచిపోతుంది. ఏడాది తిరిగేసరికి ఓన్ డ్యామేజ్ గడువు తీరిపోతుంది, పోలీసులు ఆపినా పేచీ లేదు కనుక ఎవరూ గమనించరు. గుంతలో పడ్డ రోజున తెలుస్తుంది. పాలసీ మొదటి పేజీలో ఓన్ డ్యామేజ్ గడువు, థర్డ్ పార్టీ గడువు విడివిడిగా ఉంటాయి. ఓన్ డ్యామేజ్ ఒక్కటే విడిగా కొనుక్కునే వీలు 2019 సెప్టెంబరు నుంచి ఉంది.

ఇక దెబ్బ దగ్గరికి వద్దాం. చక్రం గుంతలోకి దిగినందుకు పెద్ద నష్టమేమీ ఉండదు. ఎక్కేటప్పుడే వస్తుంది ముప్పు. గుంత అవతలి అంచు, విరిగిన తారుముక్క, ముందుకు దూసుకెళ్తున్న చక్రాన్ని అడ్డంగా కొడుతుంది. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు 14 మీటర్లు పోతుంది. అడుగున్నర, రెండడుగుల గుంత దాటడానికి సెకనులో ఇరవయ్యో వంతు పట్టదు. అంత తక్కువ సమయంలో టైరు పూర్తిగా అణిగి, గుంత అంచుకూ రిమ్ముకూ మధ్య దాని పక్క గోడ నలుగుతుంది. లోపలి దారాలు తెగుతాయి. గాలి తక్కువున్న టైరుకు, గోడ ఎత్తు తక్కువుండే వెడల్పాటి టైరుకు ఈ నలుగుడు మరీ ఎక్కువ. 185/65 టైరుకు గోడ ఎత్తు 120 మిల్లీమీటర్లు. సోకుకు 215/45 టైర్లు వేయిస్తే అది 97కు పడిపోతుంది. ఆ తగ్గిన అంగుళమే రిమ్మును కాపాడాల్సిన మెత్త.

మిగిలిన దెబ్బ రిమ్ము దాటి పైకి పోతుంది. చక్రాన్ని కింది నుంచి పట్టుకునే లోయర్ ఆర్మ్ వంగుతుంది. దాని చివరి బాల్ జాయింట్ వదులవుతుంది. స్టీరింగ్‌కు కలిపే టై రాడ్, రెండు పక్కల్ని కలిపే లింక్ రాడ్, షాక్ అబ్జార్బర్ లోపలి కడ్డీ, దాని నెత్తిన ఉండే రబ్బరు మౌంటింగ్, వీటిలో ఏది బలహీనంగా ఉంటే అది లొంగుతుంది. స్టీల్ రిమ్ము వంగి ఊరుకుంటుంది, సుత్తితో సరిచేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అలాయ్ చిట్లుతుంది. చిట్లిన అలాయ్‌ను వెల్డింగ్ చేయించి మళ్లీ ముందు చక్రానికి బిగించడం నేనైతే చేయను.

ఇంకో మాట. గుంత కనబడగానే బ్రేకు తొక్కుతూ అందులోకి దిగడం అన్నిటికన్నా చెడ్డది. బ్రేకు మీద ఉన్నప్పుడు బండి బరువు ముందుకు వాలి స్ప్రింగులు ముందే అణిగి ఉంటాయి. ఇక దెబ్బను మింగే జాగా ఉండదు. గుంతకు ముందే తొక్కి, దిగేముందు వదిలేయాలి. నాకిది తెలుసు. ఆ రాత్రి కాలు మాత్రం బ్రేకు మీదే ఉంది.

దిగి చూశాక చేసే పనుల మీద సగం క్లెయిము ఆధారపడుతుంది. పాలసీ షరతుల్లో నాలుగోది ఎవరూ చదవరు. ప్రమాదం జరిగాక రిపేరు చేయించకుండా బండి నడిపితే, దానివల్ల పెరిగిన నష్టమంతా ఓనరుదేనని అందులో ఉంటుంది. వంగిన లోయర్ ఆర్మ్‌తో ముప్పై కిలోమీటర్లు వెళ్లి రెండో టైరు లోపలి అంచు కోసుకుపోయిందంటే ఆ టైరు మీ ఖాతా. ఇంతకన్నా ఖరీదైన తప్పు ఒకటుంది. గుంత అంచు ఇంజిను కింది ఆయిల్ గిన్నెకు, అంటే సంపుకు తగిలి, చుక్కచుక్కగా ఆయిల్ కారిపోతుంటుంది. దెబ్బ చిన్నదే కదా అని నడిపితే ఆయిల్ ఖాళీ అయి ఇంజిను పట్టేస్తుంది. సంపు పగిలింది ప్రమాదం వల్ల, దానికిస్తారు. ఇంజిను పట్టేసింది మీరు నడపడం వల్ల, అది ప్రమాదం తర్వాతి పర్యవసానం, మామూలు పాలసీలో రాదు. సంపు ఖర్చు వేలల్లో, ఇంజిను ఖర్చు లక్షల్లో. అందుకే గుంతలో గట్టిగా పడ్డాక ఇంజిను ఆపి, వంగి బండి కింద చూడాలి. ఆయిల్ లైటు వెలిగినా, కింద తడి కనబడినా టోయింగే. ప్రైవేటు కారుకు టోయింగ్ ఖర్చు కింద మామూలు పాలసీలో 1,500 రూపాయల దాకా వస్తుంది. రోడ్‌సైడ్ అసిస్టెన్స్ విడిగా తీసుకున్నవాళ్లకు ఆ బాధా లేదు.

మేం స్టెప్నీ వేయలేదు. వేసినా లాగుడు ఎక్కడికి పోతుంది? గుంతను, అందులోని నీళ్లను, పక్కన కిలోమీటరు రాయిని, చక్రాన్ని ఫోటోలు తీశాం. నెంబరు ప్లేటుతో పాటు గుంత కూడా కనిపించేలా ఒకటి తీసింది మా బావమరిదే, రాదన్నవాడే. అక్కడి నుంచే కంపెనీకి ఫోను చేసి క్లెయిము నెంబరు తీసుకున్నాం. బండి గ్యారేజీకి చేరింది. సర్వేయరు వచ్చేదాకా ఒక్క నట్టు కూడా విప్పొద్దని మెకానిక్‌కు చెప్పాను. ఇదీ ముఖ్యమే. విప్పేశాక ఏది ఎలా ఉండిందో చెప్పడానికి మీ నోటిమాట తప్ప ఏమీ మిగలదు. పాత సామాన్లు పారేయనివ్వకూడదు కూడా.

మర్నాడు మధ్యాహ్నం సర్వేయరు వచ్చాడు. బండిని లిఫ్టు మీద పైకెత్తించి టార్చితో కింద అరగంట గడిపాడు. నేను వెనకే నిలబడి చూశాను. ముందు రిమ్మును తిప్పి నొక్కు ఎక్కడుందో చూశాడు, తర్వాత టైరు మీద కోత సరిగ్గా ఆ నొక్కుకు ఎదురుగా ఉందా లేదా అని చూశాడు. ఉంది. ఒకే దెబ్బ రెండిటికీ తగిలిందన్నమాట. లోయర్ ఆర్మ్ వంపు దగ్గర పెయింటు లేచి లోపలి ఇనుము తళతళలాడుతోంది, తుప్పు చుక్క లేదు. ఫోటో తీసుకున్నాడు. తర్వాత అదే ఆర్మ్ వెనక బుష్‌ను గోటితో గీరాడు. రబ్బరు ఎండి, నెర్రెలిచ్చి, నెర్రెల్లో మట్టి గట్టిపడి ఉంది.

“ఇది పాతది సార్. గుంతల రోడ్ల మీద ఏళ్లపాటు తిరిగితే అరిగింది వేరు, ఒక గుంతలో పడితే విరిగింది వేరు. మేం చూసేదల్లా ఆ తేడానే” అన్నాడు.

నాకు కోపం రాలేదు, ఎందుకంటే పాలసీలో ఉన్నదదే. అరుగుదల, యంత్రం దానంతటది పాడవడం, పర్యవసాన నష్టం, ఈ మూడిటికీ చెల్లించరు. మన రోడ్ల మీద సస్పెన్షన్ పోయేది ఎక్కువగా నెమ్మదిగానే. బుష్‌లు, లింక్ రాడ్లు ‘టకటక’ అంటూ ఆరు నెలల ముందు నుంచే చెబుతూ ఉంటాయి. గుంత పేరు చెప్పి వాటన్నిటినీ ఒకే క్లెయిములో మార్పించుకుందామని కొన్ని గ్యారేజీలే సలహా ఇస్తాయి. సర్వేయరుకు అది కొత్త కాదు. షాక్ అబ్జార్బర్ మీద కారిన ఆయిల్‌కు దుమ్ము పట్టి నల్లటి పొరగా ఉంటే అది పాత లీకు. తాజాగా కారింది తడిగా, శుభ్రంగా ఉంటుంది. కుడి చక్రానికి కూడా నొక్కుంటే అది ఇంకో రోజు ఇంకో గుంత అంటారు. రెండు దెబ్బలంటే రెండు క్లెయిములు, రెండుసార్లు కోత. క్లెయిము ఫారంలో తేదీ, సమయం, చోటు, నడిపిందెవరు అని అడిగేది ఇందుకే. ‘ఈ మధ్య రోడ్లు బాగాలేవు కదా’ అనేది ప్రమాదం కాదు. ఒక రోజు, ఒక గుంత, ఒక దెబ్బ చెప్పగలగాలి. లైసెన్సు లేని మనిషి నడిపినా, తాగి నడిపినా, సొంత కారును కిరాయికి తిప్పినా ఇదంతా చెప్పేదాకా కూడా రాదు వ్యవహారం.

ఇప్పుడు డబ్బు లెక్క. మా కారు ఇంజిను 1,197 సీసీ, వయసు మూడేళ్ల నాలుగు నెలలు. అరిగిన ఆ బుష్ లోయర్ ఆర్మ్‌తో కలిసే వస్తుంది కనుక దాని మీద పేచీ రాలేదు. పన్నులతో కలిపి బిల్లు ఇలా వచ్చింది. అలాయ్ వీల్ 9,000, లోయర్ ఆర్మ్ 3,200, షాక్ అబ్జార్బర్ 3,800. ఈ మూడూ లోహం సామాన్లు, కలిపి 16,000. టైరు 6,000. షాక్ మీది రబ్బరు మౌంటింగ్ 800. కూలీ, అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ కలిపి 3,200. మొత్తం 26,000 రూపాయలు.

లోహం సామాన్లకు తరుగు బండి వయసును బట్టి ఉంటుంది. మొదటి ఆరు నెలలు ఏమీ కోయరు. ఏడాదిలోపు 5 శాతం, రెండేళ్లలోపు 10, మూడేళ్లలోపు 15, నాలుగేళ్లలోపు 25, అయిదేళ్లలోపు 35. ఆ తర్వాత పదేళ్ల దాకా 40, పదేళ్లు దాటితే సగం. మాది 25 శాతం మెట్టు మీద ఉంది. 16,000లో 4,000 పోయి 12,000 మిగిలింది. రబ్బరు, ప్లాస్టిక్ సామాన్లకు వయసుతో పని లేదు, ఎప్పుడైనా సగమే. మౌంటింగ్‌కు 400. టైరుకూ సగం, 3,000. కూలీకి తరుగు లేదు, 3,200 పూర్తిగా ఒప్పుకున్నారు. కలిపితే 18,600. అందులోంచి 1,500 సీసీలోపు కార్లకు ప్రతి క్లెయిములోనూ ఓనరు భరించాల్సిన 1,000 తీసేశారు. ఆ పైన సీసీ ఉంటే 2,000 తీస్తారు. విరిగిన అలాయ్ తుక్కు విలువ కింద ఇంకో 600 తగ్గించారు. చేతికొచ్చింది 17,000. మేం పెట్టుకున్నది 9,000.

జీరో డిప్రిసియేషన్ అనే అదనపు కవర్ ఉండుంటే లోహానికీ రబ్బరుకూ కోసిన 4,400 కూడా వచ్చేది. టైరులో సగం మాత్రం అప్పుడూ మనదే, ఎందుకంటే చాలా కంపెనీల జీరో డిప్‌లో టైర్లు ఉండవు.

ఇంకో 3,800 ఉంది, ఆ బిల్లులో చూపించలేదు. షాక్ అబ్జార్బర్లు జతగా మార్చాలి. ఎడమది కొత్తది, కుడిది మూడేళ్లది అయితే బండి ఒక పక్కకు ఊగుతుంది. మెకానిక్ చెప్పింది న్యాయమే. బీమా కంపెనీ మాత్రం విరిగినదానికే ఇస్తుంది, దాని జతగాడికి ఇవ్వదు. ఆ కుడిపక్కది నా జేబులోంచే.

టైరు విషయంలో ఒక మెలిక ఉంది, గుంత క్లెయిములు ఎక్కువగా బోల్తా కొట్టేది అక్కడే. టైరు, ట్యూబు ఒక్కటే పాడైతే మామూలు ఓన్ డ్యామేజ్‌లో ఏమీ రాదు. దానితో పాటు అదే దెబ్బకు బండికి కూడా నష్టం జరిగితేనే టైరు ఖరీదులో సగం ఇస్తారు. ఆ మినహాయింపులో ఉన్నది టైరూ ట్యూబూ మాత్రమే, రిమ్ము కాదు. గుంతలో పడి టైరు గోడ ఉబ్బి, మిగతాదంతా బాగుంటే ఆరు వేలూ మీవే. ఉబ్బిన టైరుకు మరమ్మతు లేదు, లోపల దారాలు తెగాయి కనుక ఏ రోజైనా పేలుతుంది. ఈ ఖాళీని పూడ్చడానికే టైరు కవర్ అని విడిగా అమ్ముతారు. అందులోనూ టైరు ఎంత అరిగిందో లోతు కొలిచి, మిగిలిన దాన్ని బట్టి ఇస్తారు. ఖరీదైన టైర్లున్న బళ్లకు అది పనికొస్తుంది. చిన్న కారుకు తీసుకోమని నేను చెప్పను.

మరి 17,000 వస్తోంది కదా, ప్రతిసారీ అడగొచ్చా? ఇక్కడ నో క్లెయిమ్ బోనస్ అడ్డొస్తుంది. క్లెయిము లేకుండా ఒక ఏడాది గడిస్తే ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో 20 శాతం తగ్గింపు, ఆ తర్వాత వరసగా 25, 35, 45, 50. ఒక్క క్లెయిము చేస్తే మళ్లీ సున్నా నుంచి మొదలు. చాలామంది వచ్చే ఏడాది పోయే తగ్గింపునే చూస్తారు. నష్టం ఒక్క ఏడాదిది కాదు. నాకు మూడేళ్లు క్లెయిము లేదు. అడక్కుండా ఉంటే ఇకపై వరసగా 45, 50, 50, 50, 50 శాతం వచ్చేవి. అడిగాను కనుక 0, 20, 25, 35, 45 వస్తాయి. తేడాలు కూడితే 120 శాతం. అంటే ఈ క్లెయిము నాకు అయిదేళ్లలో ఒక ఏడాదీ రెండున్నర నెలల పూర్తి ఓన్ డ్యామేజ్ ప్రీమియం ఖరీదు చేస్తుంది. బోనస్‌కు ముందు నా ప్రీమియం 8,000. దాని మీద 9,600. బండి విలువ ఏటా తగ్గుతుంది కనుక నిజానికి ఇంకొంచెం తక్కువే.

వచ్చేది 17,000, పోయేది 9,600. అడగడమే లాభం. అదే అలాయ్ ఒక్కటే పగిలి ఉంటే? 9,000లో పావువంతు తరుగు పోను 6,750, దాంట్లో 1,000, తుక్కు 600 తీస్తే 5,150. దానికోసం 9,600 వదులుకోవడం తెలివితక్కువ. ఈ లెక్క గ్యారేజీ కౌంటర్ మీద ఎవరూ వేసి చూపించరు, క్యాష్‌లెస్ అయిపోతుంది సార్, సంతకం పెట్టండి అంటారు. టూవీలర్ల విషయంలో ఇంకా తేలిక, రిమ్ము వంగితే ఖర్చు వందల్లోనో ఒకటి రెండు వేలలోనో ఉంటుంది, క్లెయిము జోలికి పోకపోవడమే మేలు.

ఒకవేళ కంపెనీ ‘ఇది అరుగుదల’ అని మొత్తం తోసిపుచ్చితే, ఫోన్లో చెప్పిన మాటతో సరిపెట్టుకోవద్దు. ఏ షరతు కింద కాదన్నారో రాతపూర్వకంగా అడగాలి, సర్వేయరు రిపోర్టు కాపీ అడగాలి. ముందుగా కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయాలి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. రుసుము లేదు, లాయరు అక్కర్లేదు. రెండు తెలుగు రాష్ట్రాలకూ యానాంకూ ఆ ఆఫీసు హైదరాబాద్‌లో ఉంది. అక్కడ వాదనకు బలమయ్యేవి ఆ రాత్రి గుంత దగ్గర తీసిన ఫోటోలు, దాచిపెట్టిన వంగిన ఆర్మే.

మా బండి ఆరో రోజు బయటికి వచ్చింది. లాగుడు పోయింది. కంపెనీ డబ్బు గ్యారేజీకి చేరి, ఫైలు మూసేశారు. తర్వాత పది రోజులకు కారు కడుగుతుంటే మా బావమరిది పిలిచాడు. ఎడమ వెనక టైరు లోపలి పక్కన, మామూలుగా ఎవరి కంటా పడని చోట, నిమ్మకాయంత ఉబ్బు. ముందు చక్రం దిగిన గుంతలోకే వెనక చక్రమూ దిగింది మరి. ఆ సంగతి నాకూ తోచలేదు, సర్వేయరూ చూడలేదు. ఫైలు తెరిచి ఉండగా చూపించి ఉంటే అదే ప్రమాదం కింద సగం ఖరీదు వచ్చేది. ఇప్పుడది ఒట్టి టైరు.

“దీనికి ఇస్తారా బావా?” అన్నాడు.

స్టెప్నీ తీసి వెనక వేయమన్నాను.